ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తూ టారో తీస్తే: ఏస్ కార్డులు చదివే పద్ధతి

ఫైనల్ రౌండ్ అయిపోయింది. "మీరు సెలెక్ట్ అయ్యారు, లెటర్ పంపిస్తాం" అని రిక్రూటర్ ఫోన్లో చెప్పేశారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఇలాంటి సమయంలో కార్డులు తీస్తే ఏస్ పడగానే ప్రాణం లేచొస్తుంది. ఏస్ అంటే కొత్త ఆరంభం, చేతికందే అవకాశం అని టారో తెలిసినవాళ్ళంతా చెప్పే మాటే కదా. అయితే కప్స్, పెంటకిల్స్, వాండ్స్, స్వోర్డ్స్ అనే నాలుగు సూట్‌లకీ ఒక్కో ఏస్ ఉంటుంది, ఆ నాలుగు ఏస్‌లూ ఒకే అవకాశాన్ని తీసుకురావు. వాటిలో కాగితానికీ జీతానికీ నేరుగా సంబంధించింది ఒక్కటే. మిగతా మూడింటిలో ఏది పడ్డా "లెటర్ వచ్చేస్తోంది" అని చదివేస్తే ఆ తర్వాత వారమంతా ఇన్‌బాక్స్ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవడమే మిగులుతుంది.

కాబట్టి ఏస్ పడిందా లేదా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. ఏ ఏస్ పడింది, ఏ స్థానంలో పడింది, పక్కన ఏముంది అన్న మూడింటినీ కలిపి చదివితేనే దాంట్లోంచి పనికొచ్చే మాట బయటికొస్తుంది. నేను చెప్పేదంతా రైడర్-వెయిట్-స్మిత్ డెక్ బొమ్మల్ని బట్టి. 1909లో లండన్‌లో వచ్చిన డెక్ అది, బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. ఇప్పుడు దొరికే డెక్‌లలో చాలావరకు దాన్ని అనుసరించి గీసినవే కాబట్టి మీ దగ్గర వేరేది ఉన్నా పెద్ద ఇబ్బంది ఉండదు.

మొదటి మెట్టు: కార్డులు ముట్టుకోకముందే తెలిసింది రాసుకోండి

ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి. వాళ్ళు చివరిసారి మీతో అన్న మాట ఏమిటి, అన్నది ఎవరు, ఏ తేదీకల్లా అన్నారు. "సెలెక్ట్ అయ్యారు" అని హెచ్ఆర్ చెప్పడం వేరు, "మీరు మాకు బాగా నచ్చారు" అని మేనేజర్ ఇంటర్వ్యూ చివర్లో అనడం వేరు. చాలామంది రెండో మాటని మొదటి మాటగా గుర్తుపెట్టుకుంటారు. కార్డులు ఆ తేడాని పట్టిచ్చే అవకాశం ఉంది గానీ ముందు మీకే అది స్పష్టంగా తెలియకపోతే ఏ కార్డు పడినా మీ ఆశకి తగ్గట్టే కనిపిస్తుంది.

ప్రశ్న "లెటర్ వస్తుందా రాదా" అని పెట్టకండి. అవును, కాదు అన్న ప్రశ్నకి ఏస్‌లు సరిపోవు, ఎందుకంటే ఏస్ దాదాపు ఎప్పుడూ "అవును" లాగే కనిపిస్తుంది. "నా ఆఫర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దాన్ని ఏది ఆపుతోంది, నేను చేయాల్సిందేమిటి" అని అడగండి. ఈ మూడు ముక్కలే మీ స్ప్రెడ్‌లో, అంటే కార్డులు పరిచే అమరికలో, మూడు స్థానాలవుతాయి.

తలకిందులుగా పడిన కార్డులని లెక్కలోకి తీసుకుంటారో లేదో కూడా కలపకముందే నిర్ణయించుకోండి. ఏస్ తలకిందులుగా పడ్డాక "ఈసారికి రివర్స్ చూడను" అనుకోవడం మనసుని మభ్యపెట్టుకోవడమే.

రెండో మెట్టు: మూడు కార్డులు, మూడు స్థానాలు

బాగా కలిపి, ఎడమ నుంచి కుడికి మూడు పరచండి. మొదటిది వాళ్ళ వైపు ఉన్నది: మీ గురించి అక్కడ ఇప్పటికి ఏం తయారై ఉందో అది. రెండోది మధ్యలో ఉన్నది: ఆలస్యానికి కారణం. మూడోది మీ వైపుది: మీరు చేయాల్సినది, లేదా మీరు పట్టుకోవాల్సినది.

ఇంతకంటే పెద్ద స్ప్రెడ్ వద్దంటాను. పది కార్డులు పరిస్తే ఎక్కడో ఒకచోట మనకి నచ్చింది దొరుకుతుంది, మన కళ్ళు దాన్నే పట్టుకు వేళ్ళాడతాయి.

మూడో మెట్టు: ఏ చెయ్యి, ఏమి పట్టుకుంది

ఇక్కడ కాస్త తీరిగ్గా ఆగాలి. నాలుగు ఏస్‌లలోనూ మబ్బులోంచి ఒక చెయ్యి బయటికి వస్తుంది, మనిషి మాత్రం కనబడడు. ఆఫర్ కోసం చూసేవాళ్ళకి అచ్చంగా సరిపోయే బొమ్మ అది. ఇచ్చేది ఎవరో మనకి సరిగ్గా తెలియదు, లోపల ఏం జరుగుతోందో కనబడదు, చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఇప్పుడు ఆ చేతుల్ని పోల్చి చూడండి. కప్స్ ఏస్‌లో, పెంటకిల్స్ ఏస్‌లో వస్తువు అరచేతిలో ఉంటుంది, తీసుకోమన్నట్టు. వాండ్స్ ఏస్‌లో, స్వోర్డ్స్ ఏస్‌లో వస్తువుని పిడికిలితో బిగించి పట్టుకున్నారు. నేను దీన్ని ఇలా చదువుతాను: అరచేతిలో ఉన్నది మీకు ఇస్తున్నది, పిడికిట్లో ఉన్నది ఇంకా ఎవరో ఒకరు కదిలించాల్సినది. ఏ పుస్తకంలోనో ఉన్న నియమం కాదిది, బొమ్మని చూసి నేను చెప్పే మాటే, కానీ ఈ ఒక్క ప్రశ్నకి బాగా పనికొస్తుంది.

పెంటకిల్స్ ఏస్: నాణెం లాంటి పెంటకిల్, కింద తోట, తెల్లని లిల్లీలు, పొదలు అల్లుకున్న ద్వారం, అందులోంచి దూరంగా కొండలవైపు పోయే దారి. డబ్బు, కాగితం, చేతితో తాకగలిగేది ఏదైనా ఈ సూట్‌దే. ఆఫర్ లెటర్‌కి నేరుగా ప్రతినిధి అనదగ్గ ఏస్ ఇదే. మొదటి స్థానంలో నిటారుగా పడితే వాళ్ళ వైపు ఆఫర్ అంటూ ఒక ఆకారానికి వచ్చిందని చదవచ్చు: జీతం అంకె, హోదా, చేరే తేదీ లాంటివి. అప్పుడు కూడా ద్వారాన్ని మర్చిపోవద్దు. పెంటకిల్ ఇవతల ఉంది, దారి ద్వారం దాటి పోతోంది. లెటర్ రావడం ఒక అడుగు, సంతకం చేసి చేరడం ఇంకో అడుగు.

స్వోర్డ్స్ ఏస్: నిటారుగా నిలిచిన కత్తి, మొన మీద కిరీటం, కింద ఎండిపోయిన కొండలు. ఇది మాట, నిర్ణయం, తేటతెల్లమైన జవాబు. జవాబు వస్తుంది, అయితే అది మీకు నచ్చేదే అని కార్డు హామీ ఇవ్వడం లేదు. కత్తికి రెండు వైపులా పదునే. "విచారంతో తెలియజేస్తున్నాం" అని మొదలయ్యే మెయిల్ కూడా స్పష్టమైన జవాబే. అందుకే ఈ కార్డుని పక్కవాటితో కలపకుండా చదవకూడదు. పక్కన మూడో పెంటకిల్, అంటే పెంటకిల్స్ సూట్‌లో మూడో నంబరు కార్డు ఉంటే అనుకూలంగా తీసుకుంటాను. అందులో రాళ్ళు చెక్కే పనివాడు ఉంటాడు, ప్లాన్ పట్టుకున్న ఇద్దరు అతనితో మాట్లాడుతుంటారు, పని చేసేవాడూ పని ఇచ్చేవాళ్ళూ ఒకచోట కలిసిన బొమ్మ అది. పక్కన గుండెలో మూడు కత్తులు దిగిన మూడో స్వోర్డ్ ఉంటే ఆ మాటని తీపి చేసి చెప్పను.

వాండ్స్ ఏస్: చిగుళ్ళు వేస్తున్న కర్ర, రాలుతున్న ఆకులు, దూరంగా కోట. ఉత్సాహం, చొరవ, ఇప్పుడే రాజుకుంటున్న అవకాశం. లెటర్ ప్రశ్నలో ఇది తరచుగా వేరే తలుపు. ఎదురుచూస్తున్న చోటునుంచి కాక ఇంకోచోటినుంచి పిలుపు, లేదా అదే సంస్థలో వేరే పాత్ర. కోట దూరంగానే ఉంది కాబట్టి కాగితం దాకా చాలా నడక మిగిలి ఉన్నట్టే. ఎదురుచూసే మనసుకి ఇది లెటర్‌లాగే కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగింటిలోకీ ఉత్సాహపరిచేది ఇదే. జాగ్రత్త.

కప్స్ ఏస్: అరచేతిలో పాత్ర, పొంగి కిందికి పారే ధారలు, పైనుంచి దిగుతున్న పావురం. ఇష్టం, ఆదరణ, మంచి మనసు. "మీరు మాకు నచ్చారు" అన్న మాట ఇదే. ఆ మాట నిజమే కావచ్చు, వాళ్ళ టీమ్ మీ గురించి మంచిగా మాట్లాడుతూ ఉండవచ్చు. కాగితం మాత్రం ఈ పాత్రలో లేదు. ఆఫర్ కోసం చూసేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఈ కార్డు దగ్గరే.

నాలుగో మెట్టు: స్థానం

అదే పెంటకిల్స్ ఏస్ మొదటి స్థానంలో ఉంటే వాళ్ళ దగ్గర ఆఫర్ తయారవుతోందని చెప్పాను. రెండో స్థానంలో, అంటే ఆలస్యం కారణం దగ్గర ఉంటే అర్థం మారిపోతుంది. ఆపుతున్నది డబ్బూ కాగితమే: జీతం అంకె మీద ఆమోదం, పత్రాల పరిశీలన, మీరు ఇంకా పంపని పాత పే స్లిప్. రెండో స్థానంలో ఏస్ పడితే కొత్తవాళ్ళు అయోమయపడతారు, అడ్డంకి చోట శుభకార్డు ఏమిటని. ఏస్ అంటే ఇంకా మొదలే. ఆ పని మొదలైంది గానీ పూర్తికాలేదు, అందుకే ఆలస్యం.

మూడో స్థానంలో ఏస్ పడితే ఆ చెయ్యి మీది. స్వోర్డ్స్ అయితే మీరు స్పష్టంగా అడగాలి. వాండ్స్ అయితే ఇంకోచోట దరఖాస్తు పెట్టాలి. కప్స్ అయితే మీ గురించి మంచిగా మాట్లాడిన మనిషిని, అంటే ఆ మేనేజర్‌నో రిఫర్ చేసినవాళ్ళనో ఓసారి పలకరించాలి. పెంటకిల్స్ అయితే మీ పత్రాలు, మీరు కోరే కనీస జీతం, నోటీస్ పీరియడ్ లెక్క, ఇవన్నీ సిద్ధంగా పెట్టుకోవాలి.

ఐదో మెట్టు: పక్క కార్డు ఏ సూట్‌ది

1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘం వాళ్ళు వాడిన ఒక పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. వాండ్స్ నిప్పు, కప్స్ నీళ్ళు, స్వోర్డ్స్ గాలి, పెంటకిల్స్ మట్టి. నిప్పుకీ నీళ్ళకీ పడదు, గాలికీ మట్టికీ పడదు. మిగతా జతలు ఒకదానికొకటి అడ్డం రావు. పడని సూట్ పక్కన ఉంటే ఆ ఏస్ బలం తగ్గుతుంది, తన సూట్‌దే పక్కన ఉంటే బాగా పెరుగుతుంది.

మన ప్రశ్నకి ఇది సరిగ్గా అతుకుతుంది. పెంటకిల్స్ ఏస్ పక్కన రెండో స్వోర్డ్ పడిందనుకోండి, కళ్ళకి గంతలు కట్టుకుని రెండు కత్తులు అడ్డంగా పట్టుకుని కూర్చున్న ఆమె ఉన్న కార్డు. ఆఫర్ ఉంది, కానీ ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలో ఎవరో తేల్చుకోలేకపోతున్నారు. మట్టి పక్కన గాలి కాబట్టి ఏస్ గట్టిగా నిలబడడం లేదు. అదే ఏడో పెంటకిల్ పక్కన ఉంటే, పనిముట్టు మీద ఆనుకుని కాపు వైపు చూస్తూ నిలబడ్డ రైతు ఉన్న కార్డు, మట్టికి మట్టి తోడైంది. ఆలస్యం ఉన్నా ఆఫర్ గట్టిదే అంటాను.

ఏ సూట్‌కీ చెందకుండా సొంత పేరుతో ఉండే మేజర్ ఆర్కానా కార్డు పక్కన పడితే ఈ లెక్క పక్కనపెట్టి ఆ కార్డునే ముందు చదవండి. హ్యాంగ్డ్ మ్యాన్ ఉంటే ఆగడమే, తోసినా కదలదు. జస్టిస్ ఉంటే ఒప్పందపు షరతులు, నిబంధనలు చూసే విభాగం. టవర్ ఉంటే మీ ప్రమేయం లేకుండానే అక్కడ ఏదో కూలుతోంది, నియామకాలు ఆపేయడం లాంటిది.

తలకిందులైన ఏస్

చెయ్యి తలకిందులైతే అందులోది జారిపోతుంది కదా అని "ఆఫర్ పోయింది" అని చదివేవాళ్ళున్నారు. ఎదురుచూపు ప్రశ్నలో నేను అంత దూరం వెళ్ళను. ఇవ్వాల్సిన చెయ్యి ఉంది, ఇచ్చే తీరు సరిగ్గా లేదు. పెంటకిల్స్ తలకిందులైతే చెప్పిన జీతానికీ కాగితంలో వచ్చే జీతానికీ తేడా ఉండొచ్చు, కాబట్టి లెటర్ వచ్చాక ప్రతి వాక్యం చదవాలి. స్వోర్డ్స్ తలకిందులైతే అస్పష్టమైన జవాబు, "ప్రాసెస్‌లో ఉంది" అన్న మెయిల్. వాండ్స్ అయితే మొదలై చల్లబడిన ఉత్సాహం. కప్స్ అయితే నచ్చామనుకున్నది మనమే కాస్త ఎక్కువగా ఊహించుకున్నాం.

ఒక రీడింగ్ మొదటినుంచి చివరిదాకా

ఇలా అనుకుందాం. ఒకామెకి ఫైనల్ రౌండ్ అయ్యాక రిక్రూటర్ ఫోన్ చేసి "వారంలో లెటర్ వస్తుంది" అన్నారు. పన్నెండు రోజులైంది. ఆమె ప్రస్తుత ఉద్యోగంలో నెల రోజుల నోటీస్ ఇవ్వాలి. ఇప్పుడే రాజీనామా పెట్టేస్తే కొత్తచోట తొందరగా చేరొచ్చు కదా అని ఆలోచిస్తోంది. మూడు కార్డులు తీసింది. మొదట కప్స్ ఏస్, మధ్యలో నాలుగో పెంటకిల్, చివర స్వోర్డ్స్ ఏస్. అన్నీ నిటారుగానే.

మొదటి చూపులో వచ్చే మాట: "రెండు ఏస్‌లు! ఖాయం!" మూడు కార్డుల్లో రెండు ఏస్‌లు పడటం అరుదే. కానీ చూడండి, అసలు కావలసిన పెంటకిల్స్ ఏస్ ఆ రెండింట్లో లేదు. కాగితం గురించి ఏ ఏస్సూ మాట్లాడలేదు.

వాళ్ళ వైపు కప్స్ ఏస్. ఆమె నచ్చింది, రిక్రూటర్ మాట పైపై మాట కాదు. మధ్యలో నాలుగో పెంటకిల్, తల మీద ఒక పెంటకిల్, గుండెకి హత్తుకున్నది ఒకటి, పాదాల కింద రెండు పెట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషి. డబ్బుని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. జీతం మీద ఆమోదమో, ఈ పోస్టుకి బడ్జెటో ఇంకా ఒకరి బల్ల మీద ఉంది. నీళ్ళూ మట్టీ పడే జంట కాబట్టి ఆ మనిషి మొదటి కార్డుకి శత్రువు కాడు. అంటే ఇది "వద్దు" కాదు, "ఇంకా వదల్లేదు".

మూడో స్థానంలో స్వోర్డ్స్ ఏస్ ఆమె చేతిలో ఉంది. దీన్ని "స్పష్టమైన జవాబు వచ్చేస్తోంది" అని చదవడం స్థానాన్ని మర్చిపోవడం. స్పష్టంగా అడగాల్సింది ఆమె. అయితే పక్కనున్నది పెంటకిల్, గాలికీ మట్టికీ పడదు. గట్టిగా నిలదీస్తే అవతల ఉన్నది ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి మెయిల్‌లో విషయం పదునుగా, మాట మెత్తగా ఉండాలి. ఇలా:

"నమస్కారం. గతంలో మనం మాట్లాడుకున్న ఆఫర్ లెటర్ గురించి రాస్తున్నాను. నా ప్రస్తుత ఉద్యోగంలో నెల రోజుల నోటీస్ ఇవ్వాలి కాబట్టి తేదీలు సర్దుకోవడానికి రెండు విషయాలు తెలిస్తే బాగుంటుంది. ఆఫర్‌కి అంతర్గత ఆమోదం పూర్తయిందా? లెటర్ ఏ తేదీకి పంపగలరు? నా వైపునుంచి ఇంకేమైనా పత్రాలు కావాలంటే వెంటనే పంపుతాను."

రెండే ప్రశ్నలు, రెండింటికీ తప్పించుకోలేని జవాబులు. "ఆమోదం పెండింగ్‌లో ఉంది, ఫలానా తేదీకి వస్తుంది" అని జవాబొస్తే నాలుగో పెంటకిల్ చదివింది సరిపోయినట్టు. "ప్రాసెస్‌లో ఉంది" అని మాత్రమే వస్తే ఇప్పటికి ఆ పిడికిలి విప్పలేదు. మర్యాదగా మరో అభ్యర్థి పేరు బయటికొస్తే మధ్య కార్డుని మనం తప్పు చదివాం, అది కూడా నోట్‌లో రాసుకోవాలి.

రాజీనామా సంగతా? ఈ మూడు కార్డుల్లో ఏదీ రాజీనామా పెట్టమనలేదు. పెంటకిల్స్ ఏస్ మొదటి స్థానంలో నిటారుగా పడి ఉన్నా ఆ మాట అనేదాన్ని కాదు. సంతకాలున్న లెటర్ చేతికొచ్చి, అందులోని షరతులు చదివాకే నోటీస్. వేరే ఇంటర్వ్యూలు రద్దు చేసుకోవడం విషయంలోనూ ఇంతే. కార్డులు హెచ్ఆర్ కంప్యూటర్లోకి తొంగి చూడలేవు.

ఏస్ పడకపోతే, పదేపదే తీస్తే

78 కార్డుల్లో ఏస్‌లు నాలుగే. మూడు కార్డులు తీసినప్పుడు కనీసం ఒక ఏస్ పడే అవకాశం 15 శాతం దగ్గర, అంటే సుమారుగా ఏడుసార్లకి ఒకసారి. కాబట్టి ఏస్ పడకపోవడమే మామూలు. దాన్ని "అవకాశం లేదు" అని చదవడానికి వీల్లేదు. ఎనిమిదో వాండ్ పడినా, చేతిలోని పెంటకిల్‌ని చూస్తూ నిలబడ్డ పేజ్ ఆఫ్ పెంటకిల్స్ పడినా, మూడో పెంటకిల్ పడినా లెటర్ సంగతి వాటితో చక్కగా చదవచ్చు.

లెక్క ఇంకో వైపునుంచీ చూడాలి. ప్రతిసారీ కార్డులన్నీ కలిపి, అదే ప్రశ్నకి మూడేసి కార్డులు ఐదుసార్లు తీస్తే, ఏదో ఒకసారి ఏస్ పడే అవకాశం సగానికి మించిపోతుంది. సాయంత్రం ఐదు రీడింగ్‌లు చేసి చివర్లో పెంటకిల్స్ ఏస్ దొరికిందని సంబరపడితే ఆ సంబరం కలపడం వల్ల వచ్చిందే. ఏస్ ఎన్ని రోజుల్లో లెటర్ తెస్తుందో చెప్పే పట్టికలు కూడా చాలా తిరుగుతుంటాయి, ఒకటంటే ఒక రోజు, ఒక వారం, ఒక నెల అని. ఒక పట్టిక ఇంకోదానితో ఏకీభవించదు. తేదీ కావాలంటే పైన రాసిన మెయిలే పంపాలి.

మళ్ళీ ఎప్పుడు తీయాలి? మొదటి మెట్టులో రాసుకున్న కాగితంలో ఏదైనా మారినప్పుడు. కొత్త మాట చెప్పారు, చెప్పిన తేదీ దాటిపోయింది, ఇంకోచోటినుంచి పిలుపు వచ్చింది, లేదా లెటరే వచ్చింది కానీ జీతం తక్కువుంది. అప్పుడు ఆ మారిన సంగతిని ముందు రాసి, పాత మూడు కార్డుల పేర్లు పక్కనే పెట్టుకుని, కొత్తగా మూడు తీయండి.